ఐస్‌లాండ్ ఆరెంజ్ హెచ్చరిక: స్క్రీన్‌షాట్‌కి నా తెలుగు సరిగ్గా ఉందా? రేపు బయల్దేరొచ్చా?

సుధ_ప్రయాణం | గురువారం, రాత్రి 7:10

అందరికీ నమస్కారం. అక్టోబరు మొదటి వారం, ఐస్‌లాండ్ దక్షిణ తీరంలో ఉన్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. అద్దె కారు. హ్వోల్స్‌వోల్లూర్ అనే ఊళ్లో బస. రేపు మంచుగడ్డలు తేలే యోకుల్సార్లోన్ సరస్సుకి వెళ్లి రాత్రికి తిరిగి రావాలని ప్లాన్. ఒక వైపు దాదాపు 270 కిలోమీటర్లు, అంతా ఒకటో నంబరు రింగ్ రోడ్డే.

ఈ సాయంత్రం హోటల్ రిసెప్షన్ గోడ మీద తెర మీద హెచ్చరిక మ్యాప్ కనిపిస్తే ఫోటో తీసుకున్నాను. అత్తయ్యకి ఇంగ్లీషు రాదు, ఆవిడ కోసం కూర్చుని తెలుగు చేశాను. ఇదీ నా తర్జుమా:

*దక్షిణ ప్రాంతం, పసుపు. రేపు 15:00 నుంచి 22:00 వరకు. తూర్పు గాలి 15–23 m/s. కొండల దగ్గర 30 m/s మించిన గాలులు.*

*ఆగ్నేయ ప్రాంతం, ఆరెంజ్. రేపు 12:00 నుంచి 23:00 వరకు. ఈశాన్య తుఫాను. గాలి 20–28 m/s. ఓరైవి దగ్గర స్థానికంగా 35 m/s మించిన గాలులు. అప్పుడప్పుడు జల్లులు. గాలికి తట్టుకోలేని వాహనాలకు ప్రమాదం. ప్రయాణానికి సలహా ఇవ్వబడలేదు.*

నా అనుమానాలు రెండు. 28 అంటే పెద్ద గాలిలా అనిపించడం లేదు, మరి ఆరెంజ్ ఎందుకు? తుఫాను అని రాసి వాన మాత్రం జల్లులే అంటున్నారేమిటి? మధ్యాహ్నం రెండింటికి పడవ టికెట్లు కొనేశాం, డబ్బు తిరిగి రాదన్నారు. కాస్త చూసి చెప్పండి.

---

వంశీ_డ్రైవ్స్ | 7:22

సుధ గారూ, ఆరెంజ్ అంటే మధ్య మెట్టు. ఎరుపు వస్తేనే రోడ్లు మూస్తారు. నేను మూడు దేశాల్లో ఆరెంజ్ రోజుల్లో కారు నడిపాను, ఏమీ కాలేదు. 28 కిలోమీటర్ల గాలి అంటే మామూలే, కొంచెం స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి అంతే. ఇంకో విషయం: వాళ్లు వేసే టైమ్ UTC. అక్కడి టైమ్‌కి ఒక గంట కలుపుకోండి, అంటే హెచ్చరిక ఒంటిగంటకి మొదలవుతుంది. పొద్దున్నే వెళ్తే హాయిగా చూసి రావచ్చు.

---

గాలివాటు | 7:41

వంశీ గారూ, టైమ్ UTC లోనే ఉంటుందన్నది నిజమే. కానీ ఐస్‌లాండ్ గడియారం ఏడాది పొడుగునా UTC మీదే నడుస్తుంది. కలపాల్సిందేమీ లేదు. 12:00 అంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండే.

అసలు పెద్ద పొరపాటు 28 దగ్గర జరుగుతోంది. అది గంటకి కిలోమీటర్లు కాదు, సెకనుకి మీటర్లు. m/s అని రాసి ఉన్నదాన్ని 3.6తో గుణించాలి. 20 అంటే గంటకి 72 కిలోమీటర్లు, 28 అంటే దాదాపు 100. 35 అంటే 126. సుధ గారూ, అత్తయ్యగారికి రాసిచ్చే కాగితంలో అంకెలు మార్చి రాయండి. వేరే ఏ మాట తప్పినా సర్దుకోవచ్చు, ఈ ఒక్కటి తప్పితే మనిషి కారెక్కేస్తాడు.

ఈ 20–28 అనేది పది నిమిషాల సగటు. 35 అనేది ఆ సగటు మీద ఉన్నట్టుండి వచ్చిపడే విసురు, కొన్ని సెకన్లే ఉంటుంది. కారుని పక్కకి నెట్టేది అదే. గాలి తోపు వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 20 నుంచి 28కి వెళ్తే అంకె కొంచెమే పెరిగినట్టుంటుంది, తోపు మాత్రం దాదాపు రెట్టింపవుతుంది.

నేను ఆ దక్షిణ తీరం మీద నాలుగేళ్లు పర్యాటకుల వ్యాన్ నడిపాను. అక్కడ మబ్బు చూసి భయపడరు, గాలి చూసే ఆగుతారు.

---

సుధ_ప్రయాణం | 7:49

గుణించి చూసేసరికి గుండె ఝల్లుమంది. మావారు కూడా 28ని కిలోమీటర్లే అనుకుని "ఫ్యాన్ గాలి కూడా అంతే ఉంటుంది" అన్నారు. ఇద్దరం చదువుకున్నవాళ్లమే, యూనిట్ కళ్ల ముందే ఉంది, అయినా చూడలేదు.

---

పద్మజ_కె | 7:58

అమ్మా సుధా, ఆకుపచ్చ ఆకాశపు వెలుగులు చూడ్డానికి వెళ్లారా? ఆ సూచికకి కూడా రంగులుంటాయి, ఆరెంజ్ అంటే బాగా కనిపిస్తాయనే కదా? మా అబ్బాయి ఆరెంజ్ ఉన్న రాత్రే చూశాడు. భయపడకుండా వెళ్లండి.

---

గాలివాటు | 8:03

పద్మజ గారూ, అది వేరే మ్యాప్ అండీ. ఇక్కడ సుధ గారు పెట్టింది గాలి హెచ్చరిక. మీరు చెప్పినది వింటే ఇంకోటి గుర్తొచ్చింది, అది చెప్పాలి. అక్కడ రోడ్ల పరిస్థితి చూపే మ్యాప్ విడిగా ఉంటుంది, umferdin.is లో. దానికీ రంగులున్నాయి, అవి వాతావరణ శాఖ రంగులు కావు. రోడ్డు మ్యాప్‌లో ఎరుపు అంటే ఆ ముక్క మూసేశారని. వాతావరణ మ్యాప్‌లో, అంటే vedur.is లో, ఎరుపు లేకపోయినా రోడ్డు మ్యాప్‌లో ఎరుపు పడొచ్చు. మీ సరస్సుకి వెళ్లే దారిలో ఉన్న ప్రాంతమే ఓరైవి, ఆరెంజ్ రోజున దాని మీదుగా వెళ్లే రోడ్డు మూయడం నేను చాలాసార్లు చూశాను. "ఎరుపు వస్తేనే మూస్తారు" అన్న వంశీ గారి మాట ఆ దేశానికి సరిపోదు.

---

తెలుగు_మాస్టారు | 8:15

అమ్మా, భాష సంగతి నేను చూస్తాను. మీ తర్జుమాలో నాలుగు మాటలు మార్చాలి.

మొదటిది "ప్రయాణానికి సలహా ఇవ్వబడలేదు". ఇది చదివితే ఎవరూ ఏ సలహా ఇవ్వలేదు, మీ ఇష్టం అన్నట్టుంది. అసలు వాక్యం చెప్పేది "ప్రయాణం పెట్టుకోవద్దు" అని. ఇంగ్లీషులో అది మర్యాదగా చుట్టి చెప్పే పద్ధతి. తెలుగులో అలా చుట్టి చెబితే అసలు సంగతి పోతుంది. తిన్నగా "వెళ్లొద్దు" అని రాయండి.

రెండోది "తుఫాను". మనకి తుఫాను అంటే సముద్రంలో వాయుగుండం ముదిరి, పేరు పెట్టుకుని, కుండపోత వానతో వచ్చేది. ఇక్కడ వాళ్లు స్టార్మ్ అన్నది గాలి వేగానికి పెట్టుకున్న పేరు. వాన చుక్క పడకపోయినా గాలి ఆ మోతాదు దాటితే అది స్టార్మే. అందుకే జల్లులే అన్నారు, అందులో వైరుధ్యం లేదు. "పెనుగాలి" అనండి చాలు.

మూడోది "స్థానికంగా". స్థానికంగా అంటే మన చెవికి ఊళ్లోనే, దగ్గర్లోనే అని వినిపిస్తుంది. ఇక్కడి అర్థం "కొన్ని చోట్ల". ప్రాంతమంతా 35 ఉండదు, కొన్ని చోట్ల ఉంటుంది.

నాలుగోది గాలులు, గాలి. మీరు రెండింటికీ ఒకే మాట వాడారు. సగటుకి "గాలి" ఉంచి, రెండోదానికి "విసురు" అని రాయండి. గాలి విసురు అనేది మనకున్న మాటే.

---

గాలివాటు | 8:26

మాస్టారూ, విసురు బాగుంది. అక్కడి రోడ్డు పక్క బోర్డుల మీద కనిపించేది హ్విథుర్ అనే మాట, దానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్క చిన్న చేర్పు. "కొన్ని చోట్ల" అంటే ఎక్కడైనా కావచ్చు అనుకుంటారు. ఆ చోట్లు అక్కడివాళ్లకి పేరుపేరునా తెలుసు. ఏయాఫ్యోల్ కొండల కింద రోడ్డు ఒకటి. లోమగ్నూపుర్ అనే నిటారు బండ ఒకటి. ఓరైవిలో సాండ్‌ఫెల్ దగ్గర ఇంకోటి. ఈశాన్య గాలి పెద్ద హిమానీనదం మీదుగా వచ్చి కొండ అంచు నుంచి కిందికి దూకుతుంది. కొండకి ఆనుకుని పోయే రోడ్డు మీద అది ఆగి ఆగి పడుతుంది. ఒక నిమిషం నిశ్శబ్దంగా ఉంటుంది, మరుక్షణం వ్యాన్ ఒక పక్క ఎత్తినట్టవుతుంది. ఆ నిశ్శబ్దం చూసి వేగం పెంచినవాళ్లే ఇబ్బంది పడతారు.

---

కిరణ్_ఎన్ | 8:40

మాకు జరిగింది చెప్తాను. రెండేళ్ల కింద ఇదే తీరంలో, పసుపు రోజు. జలపాతం పార్కింగ్‌లో ఆగాం. గాలి వెనక నుంచి వస్తోంది, నేను చూసుకోలేదు. మా ఆవిడ తలుపు గడి తీసిందో లేదో, గాలి తలుపుని చేతిలోంచి లాక్కుని ముందుకి విరిచేసింది. టప్ మని శబ్దం. కీలు వంగిపోయింది, ముందు రెక్క మీద సొట్ట. తలుపు మళ్లీ మూయడానికి పడలేదు. తాడుతో కట్టుకుని 90 కిలోమీటర్లు వచ్చాం, లోపల గాలి హోరు, పాప ఏడుపు.

అద్దె కంపెనీ వాళ్లు "గాలికి విరిగిన తలుపు ఇన్సూరెన్స్‌లో రాదు" అని కాగితం చూపించారు. చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. ఆ ట్రిప్ ఖర్చంతా ఒకెత్తు, ఆ బిల్లు ఒకెత్తు. అందుకని చెప్తున్నాను, పసుపే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

---

వంశీ_డ్రైవ్స్ | 8:52

m/s సంగతి నేను చూడలేదు, ఒప్పుకుంటాను. సుధ గారూ, ఆ 28 గురించి నేను రాసింది లెక్కలోకి తీసుకోకండి. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఆరెంజ్ మొదలయ్యేది పన్నెండింటికి. పొద్దున్న ఆరింటికి బయల్దేరి పదింటికల్లా చేరి, ఒక గంట చూసి పదకొండింటికి వెనక్కి తిరిగితే? పడవ పోతే పోయింది, సరస్సు ఒడ్డు నుంచైనా కనిపిస్తుంది. అంత దూరం వెళ్లి చూడకుండా రావడం కూడా బాధే.

---

గాలివాటు | 9:08

లెక్క వేసి చూద్దాం. 270 కిలోమీటర్లు. రోడ్డు మీద పరిమితి 90. పిల్లలు, పెద్దావిడ ఉన్నారు, ఒక్కసారైనా ఆగుతారు. నాలుగు గంటలు పెట్టండి. ఆరింటికి బయల్దేరితే ఇంకా చీకటి, ఈ వారంలో సూర్యోదయం ఏడున్నర దాటాకే. పదింటికి చేరతారు, పదకొండింటికి తిరుగుతారు. అక్కడి నుంచి సాండ్‌ఫెల్ దాటడానికి ముప్పావుగంట, లోమగ్నూపుర్ దాటేసరికి పన్నెండు దాటుతుంది. అంటే హెచ్చరిక మొదలయ్యే వేళకి మీరు సరిగ్గా ఆ చెడ్డ ముక్క మీదే ఉంటారు. అది దాటి పడమటికి వస్తే మూడింటికి పసుపు మొదలు, ఏయాఫ్యోల్ కింద.

ఇంకో సంగతి. 12:00 అని రాసినంత మాత్రాన 11:59 వరకు గాలి ఉండదని కాదు. ఆ వేళకి హెచ్చరిక స్థాయి దాటుతుందని అంచనా. గాలి అంతకుముందు నుంచే లేస్తూ ఉంటుంది. అల్పపీడనం ఒక గంట తొందరగా వచ్చినా మీ లెక్కంతా తారుమారు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది నేను ఇంతవరకూ అడగలేదు. సుధ గారూ, ఆ ఫోటో ఎప్పటిది? తెర మీద జారీ చేసిన టైమ్ ఉందా?

---

సుధ_ప్రయాణం | 9:15

ఫోటో తీసింది ఐదున్నరకి. తెర కింద చిన్న అక్షరాల్లో పొద్దున్న 9:48 అని ఉంది. అది గడియారం అనుకున్నాను!

---

గాలివాటు | 9:17

అదే జారీ టైమ్. రిసెప్షన్ తెర పొద్దున్నుంచి మార్చలేదేమో. దయచేసి ఇప్పుడే vedur.is తెరిచి, ఆగ్నేయం మీద నొక్కి చూడండి.

---

సుధ_ప్రయాణం | 9:24

చూశాను. ఆగ్నేయం ఆరెంజే, కానీ 10:00 నుంచి అని మార్చారు. దక్షిణం పసుపు 13:00 నుంచి. విసురు ఇప్పుడు 40 m/s మించి అని ఉంది. అంటే 144. ఫోటో పట్టుకుని కూర్చుని ఉంటే మేం పదింటికి సరస్సు దగ్గరుండేవాళ్లం.

---

వంశీ_డ్రైవ్స్ | 9:30

ఇక వెళ్లొద్దండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

రేణుక_హెచ్ | 9:44

ఒక సందేహం, ఎవరైనా చెప్పండి. నేను వేరే దేశంలో చూసినప్పుడు, ఒకే పసుపు రంగు రెండు రకాలుగా వచ్చింది. ఒకసారి "తప్పకుండా జరుగుతుంది, ఇబ్బంది చిన్నది" అని. ఇంకోసారి "జరిగే అవకాశం తక్కువ, జరిగితే ఇబ్బంది పెద్దది" అని. ఐస్‌లాండ్‌లోనూ అంతేనా? అలా అయితే రంగు ఒక్కటి చూసి ఏం తేల్చుకోవాలి?

---

గాలివాటు | 9:58

మంచి ప్రశ్న. మీరు చూసింది బ్రిటన్‌ది అయ్యుంటుంది. అక్కడి మెట్ ఆఫీస్ అవకాశాన్ని ఒక వైపు, దెబ్బని ఇంకో వైపు పెట్టి గళ్లు గీసి, ఏ గడిలో పడిందో చూపిస్తుంది. ఐస్‌లాండ్‌లో కూడా రంగు వేసేటప్పుడు రెండూ చూస్తారు. అందుకే రంగు చూసి ఆగిపోకుండా కింద రాసిన మూడు వాక్యాలు చదవాలి. "వెళ్లొద్దు" అన్న మాట ఉందా, ఏ చోటు పేరు రాశారు, ఎన్ని గంటల నుంచి. రోజు ప్లాన్ చేసుకోవడానికి పనికొచ్చేవి అవే. పసుపు రోజున తలుపు పోగొట్టుకున్న కిరణ్ గారి సంగతి చూశారుగా.

---

కిరణ్_ఎన్ | 10:05

రేపు బయటికి ఎక్కడికెళ్లినా ఈ ఒక్కటి చేయండి. కారు ముఖం గాలికి ఎదురుగా పెట్టి ఆపండి. అప్పుడు గాలి తలుపుని మూసే వైపు తోస్తుంది, విరిచే వైపు కాదు. ఒకేసారి ఒక తలుపే తెరవండి, చేత్తో అంచు పట్టుకుని. పిల్లల తలుపు మీరే బయట నుంచి తెరవండి. వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

---

తెలుగు_మాస్టారు | 10:12

కొత్త వివరాలతో కాగితం ఇలా రాయండమ్మా: *రేపు పొద్దున్న పది నుంచి ఆగ్నేయ ప్రాంతంలో ఈశాన్యం నుంచి పెనుగాలి. గంటకి 72 నుంచి 100 కిలోమీటర్లు. ఓరైవి దగ్గర కొన్ని చోట్ల 144 దాటే విసుర్లు. మధ్యమధ్య జల్లులు. వ్యాన్ల వంటి ఎత్తయిన బళ్లకి ప్రమాదం. అటు ప్రయాణం పెట్టుకోవద్దు.* గాలి వేగం పాతదే ఉందో, దాన్నీ మార్చారో ఒకసారి చూసుకుని రాయండి.

---

రేణుక_హెచ్ | 10:20

మాస్టారూ, "ఎత్తయిన బళ్లు" అంటే వీళ్ల చిన్న కారుకి భయం లేదనుకోరా?

---

తెలుగు_మాస్టారు | 10:31

నిజమే, నాకూ అది తడుతూనే ఉంది. అసలులో ఉన్నది గాలికి తేలిగ్గా ఊగే బళ్లు అన్న అర్థం. "గాలికి ఆగని బళ్లు" అంటే అన్నీ వస్తాయి. కానీ ఏది ఆగుతుందో ఏది ఆగదో చదివేవాళ్లే తేల్చుకోవాలి. ఇంతకన్నా మంచి మాట దొరకలేదు, మీకెవరికైనా తడితే చెప్పండి.

---

గాలివాటు | 10:40

నా అనుభవంలో క్యాంపర్ వ్యాన్‌కి గాలి 15 m/s దాటితేనే కష్టం మొదలవుతుంది. మామూలు కారుకి విసురు 25–30 దాటితే. 40 విసురులో కారు, వ్యాన్ తేడా లేదు. అందుకని ఈ హెచ్చరికకి మాత్రం "ఏ బండికైనా" అని రాసినా తప్పు కాదని నా అభిప్రాయం. మాస్టారు ఒప్పుకోకపోవచ్చు.

సుధ గారూ, రేపు పొద్దున్న లేవగానే రెండు మ్యాపులూ చూడండి. ఎనిమిదింటికి బయల్దేరితే సెల్యాలాండ్స్‌ఫోస్ జలపాతం ఇరవై కిలోమీటర్లే, స్కోగాఫోస్ యాభై. రెండూ మీకు తూర్పునే, పసుపు ప్రాంతంలో ఉన్నాయి. ఏయాఫ్యోల్ కింద రోడ్డు ఆ రెండింటి మధ్యే. పదకొండింటికల్లా స్కోగాఫోస్ నుంచి వెనక్కి తిరిగితే గాలికి ముందే ఇల్లు చేరతారు. రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డులు కనిపిస్తాయి, వాటి మీద గాలి, విసురు m/s లోనే ఉంటాయి. విసురు 20 దాటి పెరుగుతూ ఉంటే ఆ ముక్కలోకి వెళ్లకండి. రోడ్డు గురించి అనుమానం ఉంటే 1777కి ఫోన్ చేయండి, ఇంగ్లీషులో చెప్తారు.

---

మాస్టారు_గారి_శిష్యుడు | 10:52

మాస్టారూ, "గాలికి తూలే బళ్లు" అంటే?

---

సుధ_ప్రయాణం | శుక్రవారం, సాయంత్రం 4:35

అందరికీ చెప్పాలని రాస్తున్నాను. పొద్దున్న ఏడింటికి చూస్తే ఆగ్నేయంలో రోడ్డు అప్పటికే ఎరుపు, మూసేశారు. మేం ఎనిమిదింటికి జలపాతాల వైపు వెళ్లాం. వెళ్లేటప్పుడు ఏయాఫ్యోల్ ముందున్న బోర్డు మీద గాలి 9, విసురు 14. స్కోగాఫోస్ దగ్గర కారుని గాలికి ఎదురుగా పెట్టాను, కిరణ్ గారూ. పదిన్నరకే వెనక్కి తిరిగాం. అదే చోట రెండో వైపు బోర్డు మీద గాలి 16, విసురు 24. రోడ్డు పక్క గడ్డి మొత్తం ఒక వైపుకి పడుకుని ఉంది. మావారు 60కి మించి పోనివ్వలేదు. ఎదురుగా వస్తున్న ఒక పెద్ద వ్యాన్ తెల్లగీత దాటి మా వైపుకి వచ్చి మళ్లీ సర్దుకుంది.

ఇప్పుడు హోటల్ కిటికీలు హోరుమంటున్నాయి. అత్తయ్య కాగితం చదువుకుని బోర్డు మీద 24 చూడగానే "గుణించు" అని మావారితో అన్నారు. 86 అని ఆవిడే ముందు చెప్పారు.

పడవ కంపెనీ వాళ్లే ట్రిప్పులు రద్దు చేశామని మెయిల్ పెట్టారు, డబ్బు వెనక్కి ఇస్తారో, ఇంకో రోజు ఇస్తారో అందులో లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఎల్లుండి దాకా ఇక్కడే ఉంటాం.

---

కిరణ్_ఎన్ | 4:50

వాళ్లు రద్దు చేస్తే మాకు వేరే చోట వెనక్కి ఇచ్చారు, మీవాళ్ల రూలు చూడాలి. మెయిల్‌కి జవాబు రాసి అడగండి. ఎల్లుండికి హెచ్చరిక ఏముందో చూశారా?

---

సుధ_ప్రయాణం | 4:58

చూశాను. జారీ టైమ్ 4:20. ఆగ్నేయానికి హెచ్చరిక ఏమీ లేదు, గాలి 5–10 m/s. అంటే 18 నుంచి 36. ఆదివారం పొద్దున్న మళ్లీ చూసి బయల్దేరతాం.